శబ్దాలన్నీ వచ్చు, కలిపి చదవమంటే రావడం లేదు: ఒకటో తరగతి ఫోనిక్స్

ఒకటో క్లాసు టీచర్
మా క్లాసులో 34 మంది. s, a, t, p, i, n, m, d ఎనిమిది అక్షరాల శబ్దాలు అయిపోయాయి. కార్డు చూపిస్తే టక్కున చెప్తారు. బోర్డు మీద sat రాసి, కింద సౌండ్ బటన్స్ అని మూడు చుక్కలు పెట్టి, ఒక్కో చుక్క నొక్కించి చదివిస్తున్నాను. "సు, యా, టు" అంటారు. ఇప్పుడు కలిపి చెప్పండి అంటే పది పన్నెండు మంది "ట్యాప్" అంటారు, కొందరు నా మొహం చూస్తారు. చుక్కలు పెట్టడంలో తప్పుందా, ఇంకెక్కడైనా ఉందా?

రమణ మాస్టారు
అమ్మా, దీనికి కొత్త పద్ధతులు అక్కర్లేదు. గుణింతం నేర్పినట్టే నేర్పండి. sa, si, ma, mi, ta, ti వేయించండి. అవి నోటికి వచ్చాక చివర ఒక అక్షరం పొల్లులా తగిలిస్తే మాట వచ్చేస్తుంది. ఇంగ్లిషు అక్షరం కింద తెలుగులో రాయించండి, వారంలో గడగడా చదువుతారు.

పలకాబలపం
టీచర్ గారూ, మీరు రాసిన "సు, యా, టు"లోనే జవాబు ఉంది. sat లో మూడు శబ్దాలే. మీ పిల్లలు ఆరు పలుకుతున్నారు: స్, ఉ, య్, ఆ, ట్, ఉ. అవి ఎంత కలిపినా "సుయాటు" అవుతుంది. అలాంటి మాట వాళ్లు ఎప్పుడూ వినలేదు కాబట్టి ఏదో ఒకటి ఊహించి చెప్తారు. ఆ ఊహ "ట్యాప్" ఎందుకయిందంటే, చివరగా విన్నది "టు". మొదటి శబ్దం అప్పటికే మరిచిపోయారు, చెవిలో మిగిలిన దానితో మొదలుపెట్టి తెలిసిన మాటలోకి వెళ్లారు. ఇది చదవలేకపోవడం కన్నా గుర్తు పెట్టుకోలేకపోవడం.

అందుకే ముందు శబ్దాన్ని శుభ్రం చేయాలి. మన పిల్లలకు సులువుగా తెలిసే మాట పొల్లు. "స కాదు, సు కాదు, స్" అని చెప్పండి. పాము బుసలా సాగదీయించండి. ట్ దగ్గర నాలుక తగిలి ఆగిపోవాలి, తర్వాత గాలి తప్ప గొంతు రాకూడదు. ఇక a. యాపిల్ అని తెలుగులో రాస్తాం కదా, ముందు ఆ "య" అక్కడి నుంచే వచ్చి చేరింది. మా వైపు "మేక" అన్నప్పుడు "మే"లో నోరు కాస్త తెరుచుకుని ఒక శబ్దం వస్తుంది. దాన్ని "మ" తీసేసి పలికిస్తే a కి బాగా దగ్గరవుతుంది. అందరి యాసలో ఇలా రాదు, మీ ఊళ్లో ఎలా అంటారో ఒకసారి విని చూడండి.

ఇంకొకటి, అక్షరాలు లేకుండా రెండు నిమిషాల పరీక్ష పెట్టండి. మీరు "ప్… ఆ… ల్… ఉ" అని శబ్దానికీ శబ్దానికీ మధ్య ఒక సెకను ఆగి చెప్పండి. "పాలు" అనాలి. తర్వాత "బ్… అ… డ్… ఇ". ఇలాంటివి ఐదు చాలు. తెలుగులో కూడా కలపలేని వాళ్లు ఉంటే వాళ్లకి అడ్డం ఇంగ్లిషు కాదు, చెవి. వాళ్లకి ఓ పది రోజులు రోజూ ఐదు నిమిషాలు ఈ ఆట తెలుగులోనే ఆడించండి. తెలుగులో కలిపి sat దగ్గర తడబడే వాళ్లకి ఇది అవసరం లేదు, వాళ్ల సంగతి వేరు.

ఒకటో క్లాసు టీచర్
పరీక్ష పెట్టాను. ఆరుగురు తెలుగులో కూడా కలపలేదు. మిగతావాళ్లు "పాలు" అని అరిచారు. ఆ మిగతావాళ్లకి ఎలా మొదలుపెట్టాలి?

పలకాబలపం
sat తో మొదలుపెట్టడం మంచిదే, tap తో మొదలుపెట్టకండి. మొదటి శబ్దం సాగేది అయ్యుండాలి. మీ ఎనిమిదిలో అలాంటి హల్లులు s, m, n. వీటితో sat, sit, sad, mat, man, map, nap వస్తాయి. స్‌ని ఊపిరి ఉన్నంతసేపు లాగొచ్చు. ట్, ప్, డ్ సాగవు, సాగదీయబోతే వెనకే "ఉ" వచ్చి కూర్చుంటుంది. tap, pin, dip రెండో వారానికి వాయిదా వేయండి.

mat తీసుకోండి. t ని అట్టముక్కతో మూసేయండి. పిల్లవాడి వేలు మొదటి చుక్క మీద, "మ్మ్మ్మ్". వేలు ఎత్తకుండా రెండో చుక్కకి జారుతుంది, గొంతు కూడా ఆగకూడదు. మధ్యలో గాలి తీసుకుంటే మళ్లీ మొదటి నుంచి. మొదటి రెండూ అతుక్కున్నాక అట్టముక్క తీయండి. వేలు వెనక్కి వచ్చి మొదటి చుక్క నుంచి మళ్లీ లాగుతూ మూడోది తాకుతుంది. ఆఖరున ఒక్కసారి వేలితో గీత గీసినట్టు ఎడమ నుంచి కుడికి, మామూలు వేగంతో మాట. మూడు శబ్దాలు ఒకేసారి మోయాల్సిన పని లేదు, ఎప్పుడూ రెండే: ఇప్పటిదాకా అతికింది, కొత్తగా వచ్చింది.

రోజుకి ఎనిమిది మాటలు చాలు. రెండు మీరు చేసి చూపండి, రెండు మీరూ వాళ్లూ కలిసి, నాలుగు వాళ్లు. పది నిమిషాలు పడుతుంది.

రమణ మాస్టారూ, మీ గుణింతం మాట సగం కాదు, ముప్పావు నిజం. sa తర్వాత t తగిలించడమంటే నేను చెప్పిందే, పైగా స, ా కలిస్తే సా అని పిల్లలకి ముందే తెలుసు. కాకపోతే గుణింతంలా వరసగా పాడించకండి. sa si పాటగా వస్తుంది, కన్ను అక్షరం మీద ఉండదు. కింద తెలుగు రాయించడం మాత్రం వద్దే వద్దు. తెలిసిన లిపి కనిపిస్తే కన్ను అక్కడికే పోతుంది, పైనున్న ఇంగ్లిషు బొమ్మ అవుతుంది. తెలుగు చెరిపేసిన రోజున మీకే తెలుస్తుంది.

రమణ మాస్టారు
చెరిపేశాక ఆగిపోతారన్నది నిజమేలే. అందుకే నేను చెరపనిచ్చేవాణ్ని కాదు 😀

బడిగంట
చుక్కల గురించి ఎవరూ చెప్పలేదు కదా. చాలామంది అక్షరానికో చుక్క పెడతారు. చుక్క శబ్దానికి, అక్షరానికి కాదు. sh వచ్చాక ship కి నాలుగు చుక్కలు పెడితే "స్, హ్, ఇ, ప్" అని చదువుతారు, తప్పు పిల్లలది కాదు. sh రెండింటి కిందా కలిపి ఒక చిన్న గీత, i కి చుక్క, p కి చుక్క. duck లో ck కి కూడా గీతే. కార్డు మీద బొట్టుబిళ్లలు అంటిస్తే వేలికి తగులుతాయి, వేలు ఎక్కడుందో పిల్లలకి చూడకుండానే తెలుస్తుంది.

అయితే చుక్కకి ఒక చెడ్డ గుణం ఉంది. "నొక్కు" అంటాం, నొక్కిన ప్రతిసారీ గొంతు ఆగుతుంది. మీరు నొక్కిస్తున్నాను అన్నారు, అక్కడే కొంత పోతోంది. చుక్కల్ని కలుపుతూ కింద ఒక బాణం గీయండి, వేలు దాని మీద జారాలి. మూడో రోజుకి చుక్కలు తీసేయండి, లేకపోతే అలవాటైపోతాయి.

పలకాబలపం
బాణం బాగుంది. మూడో రోజు తీసేయడం మాత్రం తొందర. పాత మాటలకి తీసేయండి, కొత్త మాటలకి ఉంచండి. sh, ck లాంటివి వచ్చినప్పుడు చుక్క ఎక్కడ, గీత ఎక్కడ అని పిల్లలే పలక మీద పెట్టాలి. ఎవరు రెండక్షరాల్ని ఒక శబ్దంగా చూస్తున్నారో అప్పుడు తెలుస్తుంది. చదవడానికి ఊతంగా మొదలైన చుక్క ఇప్పుడు పరీక్ష అవుతుంది.

బడిగంట
నాకైతే చుక్క ఉన్నంతకాలం మాటని మొత్తంగా చూడరనిపిస్తుంది. సరే, ఇద్దరివీ చేసి చూడొచ్చు.

లెస్టర్‌లో అమ్మ
మా బాబు ఇక్కడ ఇంగ్లండ్‌లో ఇయర్ 1. స్కూలు వాళ్లు అర్థం లేని మాటలు, ఏలియన్ మాటలంటూ పంపుతున్నారు. జూన్‌లో పరీక్షట, 40 మాటల్లో 20 అలాంటివేనట. ఇంగ్లిషు మాటలు బోలెడు ఉండగా ఇవెందుకు? మీరూ ఇవే నేర్పుతున్నారా?

పలకాబలపం
ఆ 20 మాటలు నేర్పడానికి కాదమ్మా, పట్టుకోడానికి. బట్టీ పట్టిన పిల్లవాడు mat చదువుతాడు, mip దగ్గర ఆగిపోతాడు. ఇంట్లో రుద్దకండి, శబ్దాలు కలపడం వస్తే అవీ వస్తాయి. ఇక్కడి పిల్లలకి sad, nap కూడా దాదాపు ఏలియన్ మాటలే. అందుకే మా దగ్గర వారానికి మూడు పెడితే ఎక్కువ. మాట చదవగానే అర్థం చెప్పడం మాకు అంతకన్నా ముఖ్యం.

ఒకటో క్లాసు టీచర్
పది రోజులైంది. mat, sit, man వస్తున్నాయి. ఇప్పుడు వాక్యాలు ఇవ్వొచ్చా? పాఠ్యపుస్తకం తెరిస్తే సగం మాటలు మేం చెప్పనివే.

బడిగంట
పుస్తకం పక్కన పెట్టి మీరే రాయండి. మీ ఎనిమిది అక్షరాలతో ఇంత వస్తుంది:

```
A pin is in a mat.
Dad sat.
Dad is mad.
Sam did it.
```

మొత్తం 14 మాటలు, కథ కూడా ఉంది. ఇందులోనూ ముళ్లు ఉన్నాయి. is లో s బుస కొట్టదు, తేనెటీగలా మోగుతుంది. విడిగా ఉన్న a మీరు నేర్పిన a కాదు, దాదాపు "అ". ఈ రెండూ ముందే కార్డు మీద చూపించి "ఇవి ఇలాగే" అని చెప్పేయండి, చుక్కలు పెట్టకండి. పెద్ద అక్షరాలు మరిచిపోకండి. S చిన్నదానిలాగే ఉంటుంది కాబట్టి గడుస్తుంది. D, A వేరుగా ఉంటాయి. d వచ్చిన పిల్లవాడు Dad దగ్గర ఆగితే కలపడం రాక కాదు, D తెలియక.

బొమ్మ వేస్తే చదివాకే చూపించండి. ముందే చూపిస్తే బొమ్మ చదువుతారు. ఒక్కొక్కరూ వేలు పెట్టి చదవాలి. అందరూ కలిసి అరిస్తే 34 మందిలో నలుగురు చదువుతారు, 30 మంది వింటారు. చదివాక "నాన్నకి ఎందుకు కోపం?" అని తెలుగులోనే అడగండి.

పలకాబలపం
మూడో రోజుకి ఇది కంఠస్థం అయిపోతుంది, చదువుతున్నారనే అనుకుంటాం. అప్పుడు mat చెరిపి map పెట్టండి. "మ్యాట్" అని వచ్చిందంటే ఆ పిల్లవాడు బోర్డు చూడటం లేదు. వాడితో కింది వాక్యం నుంచి పైకి చదివించండి.

ఒకటో క్లాసు టీచర్
map పెట్టాను. తొమ్మిది మంది "మ్యాట్" అన్నారు. ఇంకో సంగతి, చాలామంది "మ్యాటు", "పిన్ను" అంటున్నారు. దిద్దాలా?

రమణ మాస్టారు
ఇంట్లో బస్సు, పెన్ను, కప్పు అనే కదా అంటాం. వదిలేయండి.

బడిగంట
చదివేటప్పుడు వదిలేయొచ్చు. డిక్టేషన్‌లో matu అని రాసిన రోజున మాత్రం వదలకూడదు.

పలకాబలపం
నేను మొదటి రోజు నుంచే దిద్దుతాను. ఆ "ఉ"ని వదిలే కదా మనం "సుయాటు" దాకా వచ్చింది. పిన్ను అన్నా అర్థం తెలుస్తుంది, కాబట్టి మాస్టారు చెప్పినట్టు వదిలేసినా మాట నిలుస్తుంది. ఆ ఆరుగురూ ఇప్పుడు "పాలు" అంటున్నారా?

ఒకటో క్లాసు టీచర్
నలుగురు అంటున్నారు. ఇద్దరు ఇంకా లేదు.