గుడ్‌విల్‌ని పుస్తకాల్లోంచి కొట్టేస్తే నిజంగా పోయేదేమైనా ఉందా?

రవళి_సీఏఇంటర్: కంపెనీని కొన్నప్పుడు వచ్చే గుడ్‌విల్‌ని పాత అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 14లో మామూలుగా అయిదేళ్లలో తీసేసేవాళ్లు. కొత్త ప్రమాణాలైన ఇండ్ ఏఎస్‌లో అలా తగ్గించకుండా, విలువ పడిపోయిందా అని చూసే ఇంపెయిర్‌మెంట్ పరీక్ష ఏటా ఎందుకు?

బాలాజీ_షేర్లు: ఏదైతే ఏంటి, నగదు పోదుగా! ఏఓఎల్ టైమ్ వార్నర్ 2002 మొదటి మూడు నెలల్లో 5,400 కోట్ల డాలర్ల గుడ్‌విల్‌ని పుస్తకాల్లోంచి కొట్టేసింది. బ్యాంకు ఖాతాలో ఒక్క డాలరు కదల్లేదు.

మూర్తి_ఆడిట్: కదలాల్సింది ఏడాది ముందే కదిలింది బాలాజీ గారూ. టైమ్ వార్నర్‌ని ఏఓఎల్ తన షేర్లిచ్చి కొంది, అదీ ఇంటర్నెట్ షేర్లు మండిపోతున్న రోజుల ధర లెక్కన. బ్రాండ్లతో సహా ఆస్తులన్నిటికీ విలువ కట్టి, అప్పులు తీసేశాక, ఇచ్చిన ధరలో ఇంకా మిగిలిందే గుడ్‌విల్. ధర ఉబ్బితే అదీ ఉబ్బుతుంది. అది ఎన్నేళ్లు పనిచేస్తుందో ఎవరూ చెప్పలేరు కాబట్టే, ఏటా ఇంత అని కోసే బదులు పరీక్ష పెట్టారు.

సుబ్బారావు_తెనాలి: మా మెడికల్ షాపుకి ఊళ్లో మంచి పేరు. లోన్‌కి వెళ్తే బ్యాంకు మేనేజరు గుడ్‌విల్‌కి పైసా లెక్క కట్టలేదు. పెద్దోళ్లకో రూలు, మాకో రూలు.

మూర్తి_ఆడిట్: సొంతంగా సంపాదించుకున్న పేరు పెద్ద కంపెనీల పుస్తకాల్లోకీ రాదండీ. రేపు మీ షాపు ఎవరైనా కొంటే వాళ్ల పుస్తకాల్లోకి వస్తుంది.

బాలాజీ_షేర్లు: పక్కదారి వద్దు. నగదు పోయిందా, లేదా?

రవళి_సీఏఇంటర్: నగదు గొడవ నాది కాదు సార్. పరీక్ష నష్టాన్ని పట్టుకుంటుందా?

మూర్తి_ఆడిట్: ఆలస్యంగా. 500 కోట్లకు ఒక కంపెనీ కొని, పాత వ్యాపారంలో కలిపేశారనుకోండి. పాతదాని పుస్తక విలువ 400, నిజంగా వచ్చేది 900. కొన్నది 350కి పడిపోయింది. రెండూ కలిపి పుస్తకాల్లో 900, రాబట్టగలిగేది 1,250. పరీక్ష పాస్! పోయిన 150 ఎక్కడా కనబడదు.

బాలాజీ_షేర్లు: మరి సంతకాలు పెట్టేది మీ ఆడిటర్లేగా? నేను దాచుకున్న డబ్బు పెట్టిన ఒక కంపెనీ మూడేళ్లు ‘అంతా బాగుంది’ అని, నాలుగో ఏడు గుడ్‌విల్‌ని ఒకేసారి కొట్టేసింది. షేరు సగమైంది.

మూర్తి_ఆడిట్: నగదు పోలేదుగా, మీకెందుకు బాధ?

బాలాజీ_షేర్లు: వెటకారం వద్దు. రాబోయే అయిదేళ్ల అంచనాలు రాసేది ఆ కంపెనీని కొన్నవాళ్లే. తప్పు ధర పెట్టామని తమ చేత్తో తామే రాస్తారా? ఏటా కోసేస్తే ఆ నాటకం ఉండదు.

రవళి_సీఏఇంటర్: అంటే మీరు పాత ఏఎస్ 14 పక్షమా?!

మూర్తి_ఆడిట్: ఏటా సమానంగా కోస్తే మంచి కొనుగోలూ చెత్త కొనుగోలూ ఒకేలా కనిపిస్తాయి. అంచనాలు గట్టిగా చూస్తాం. వృద్ధి రేటు ఒక్క శాతం తగ్గిస్తే చాలు, చాలా చోట్ల పరీక్ష ఫెయిలవుతుంది.

బాలాజీ_షేర్లు: ఆ ఒక్క శాతం తగ్గించమని మీరు ఎన్నిసార్లు పట్టుబట్టారో అది చెప్పండి.