హాస్టల్ వైఫైలో టెలిగ్రామ్ బ్లాక్, ప్రాక్సీ పెడితే దాన్ని నడిపేవాడికి మన మెసేజ్‌లు కనిపిస్తాయా?

గ్రూప్స్_ఆశావహి
మా హాస్టల్ వైఫైలో కొద్ది రోజులుగా టెలిగ్రామ్ తెరిస్తే పైన `Connecting...` అని తిరుగుతూనే ఉంటోంది. మొబైల్ డేటాలో మాత్రం బాగానే వస్తోంది. టెస్ట్ సిరీస్ పీడీఎఫ్‌లు, క్లాసు వీడియోలు అన్నీ అందులోనే ఉన్నాయి, రోజువారీ డేటా మధ్యాహ్నానికే అయిపోతోంది. ఫ్రెండ్ ఏదో ఛానల్ నుంచి ప్రాక్సీ లింక్ పంపాడు, నొక్కగానే కనెక్ట్ అయింది. కానీ ఇప్పుడు చాట్ లిస్ట్‌లో అన్నిటికంటే పైన నేను చేరని క్రిప్టో ఛానల్ ఒకటి వచ్చి కూర్చుంది. అకౌంట్ హ్యాక్ అయిందా? ఆ ప్రాక్సీ నడిపేవాడికి నా నంబరు, మెసేజ్‌లు కనిపిస్తాయా? కొంచెం చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

సీమ_కోడర్
ముందు ఆ ప్రాక్సీ తీసెయ్ తమ్ముడూ. అంతా వాడి సర్వర్ మీదుగానే పోతుంటే చదవకుండా ఎందుకుంటాడు? మా పాత ఆఫీసులో ప్రాక్సీ లాగ్‌లో నేను ఏ పేజీ చూశానో లింకుతో సహా తీసి మేనేజర్ ముందు పెట్టారు, అదీ https సైట్లవి. అప్పట్నుంచి ప్రాక్సీ అంటేనే నమ్మను. తప్పదంటే ఫోన్ వైఫై సెట్టింగ్స్‌లో `Proxy` దగ్గర `Manual` పెట్టి, తెలిసినవాళ్ల సర్వర్ ఇచ్చుకో.

సర్వర్_గది
సీమ_కోడర్ గారూ, మీ ఆఫీసు సంగతి వేరు. ఆ ల్యాప్‌టాప్‌లో ఐటీ వాళ్లు తమ రూట్ సర్టిఫికెట్ ముందే ఎక్కించి ఉంటారు. అందుకే ప్రాక్సీ మధ్యలో https ని విప్పి, చదివి, మళ్లీ మూసి పంపగలిగింది. ఆ సర్టిఫికెట్ లేకపోతే అదే ప్రాక్సీకి సైటు పేరు తెలుస్తుంది కానీ లోపల ఏ పేజీ చూశారో తెలియదు. టెలిగ్రామ్ యాప్ అసలు ఫోన్‌లోని సర్టిఫికెట్ల మీద ఆధారపడదు, దాని సర్వర్ల పబ్లిక్ కీలు యాప్‌లోనే ఉంటాయి. కాబట్టి ఆ తంతు ఇక్కడ సాగదు.

వైఫై సెట్టింగ్స్‌లో `Manual` ప్రాక్సీ పెట్టినా పని కాదు. ఆండ్రాయిడ్‌లో దాన్ని బ్రౌజర్ లాంటివి పట్టించుకుంటాయి, టెలిగ్రామ్ తన కనెక్షన్ తనే తెరుచుకుంటుంది. ప్రాక్సీ యాప్ లోపలే పెట్టాలి: `Settings` → `Data and Storage` → `Proxy Settings`.

తమ్ముడూ, నీ అకౌంట్ హ్యాక్ కాలేదు. ఆ ఛానల్ పక్కన `Proxy Sponsor` అని ఉంటుంది చూడు. ప్రాక్సీ నడిపేవాడు టెలిగ్రామ్ దగ్గర నమోదు చేసుకుంటే, ఆ ప్రాక్సీ వాడేవాళ్లందరికీ తన ఛానల్ పైన చూపించుకోవచ్చు. ప్రాక్సీ తీసేస్తే అదీ పోతుంది.

ఇక వాడికి కనిపించేది ఏమిటంటే, నీ ఐపీ, ఎప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నావు, ఎంత డేటా వెళ్లింది. నీ నంబరు, ఎవరితో మాట్లాడుతున్నావు, ఏం రాశావు, ఏ ఫైలు దింపావు, ఇవేవీ కనిపించవు. లింక్‌లో ఉండే `secret` తో యాప్ వేసే పైముసుగును మాత్రమే ప్రాక్సీ తీయగలదు. ఆ లోపలి మెసేజ్ తాళం నీ ఫోన్‌కీ టెలిగ్రామ్ సర్వర్‌కీ మధ్యే ఉంటుంది.

షార్జా_అక్క
ఇక్కడ వాట్సాప్ కాల్స్ రావు, మా అమ్మతో వీడియోలో మాట్లాడాలంటే ప్రతిసారీ తలనొప్పే. ఈ ప్రాక్సీ లింక్ పెడితే టెలిగ్రామ్ కాల్ వెళ్తుందా? మెసేజ్‌లు ఎవరు చూసినా నాకు ఫరవాలేదు.

ల్యాబ్_సార్
కాలేజీలో నెట్‌వర్క్ చూసుకునేవాడిగా చెబుతున్నాను. మేం బ్లాక్ చేసేది మిమ్మల్ని ఏడిపించడానికి కాదు. రాత్రి తొమ్మిది దాటితే సగం లైన్ టెలిగ్రామ్‌లో సినిమాలకే పోతుంది, ల్యాబ్ సర్వర్ బ్యాకప్ ఆగిపోతుంది. తెల్లారితే తిట్లు మాకు. ప్రాక్సీ పెడితే మాకు కనబడదు అనుకోకండి. ఒకే ఫోన్ ఒకే విదేశీ ఐపీకి గంటల తరబడి జీబీల కొద్దీ లాగుతుంటే అది ఏమిటో చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

గ్రూప్స్_ఆశావహి
సార్, మేం సినిమాలు చూడట్లేదు. మా బ్యాచ్ మొత్తం నోట్స్ టెలిగ్రామ్‌లోనే ఉంది. మీరు వేగం తగ్గించండి, అంతేగానీ యాప్ మొత్తం ఆపేస్తే మేం ఎక్కడికి పోవాలి?

సీమ_కోడర్
ల్యాబ్_సార్ గారూ, `ee` తో మొదలయ్యే సీక్రెట్ వాడితే మీ ఫైర్‌వాల్‌కి అది మామూలు https సైటులాగే కనిపిస్తుంది. ఏమీ చేయలేరు.

ల్యాబ్_సార్
ఎందుకు చేయలేం? ఆ ముసుగులో చూపించే పేరేమో ప్రసిద్ధ సైటుది, ఐపీ చూస్తే ఎక్కడో నెలకు అద్దెకిచ్చే చిన్న సర్వర్‌ది. రెండూ పొంతన కుదరకపోతే లాగ్‌లోనే దొరుకుతుంది. లోపల ఏముందో నేను చదవలేను, నాకు ఆ అవసరమూ లేదు. ఎవరి గది నుంచి వెళ్తోందో తెలిస్తే చాలు.

సర్వర్_గది
ఇది సార్ సరిగ్గా చెప్పారు. ఫైర్‌వాల్ దాటడం, కనబడకుండా ఉండటం రెండూ ఒకటి కాదు. హాస్టల్ రూల్స్‌లో ప్రాక్సీ వద్దని రాసి ఉంటే ఆ సంగతి తెలిసే వాడుకోండి.

షార్జా అక్కా, ఈ లింక్‌లది MTProxy రకం, అందులో కాల్స్ వెళ్లవు, మెసేజ్‌లూ ఫైళ్లే. కాల్స్ కావాలంటే SOCKS5 అనే ఇంకో రకం ప్రాక్సీ పెట్టాలి, అప్పుడు కాల్స్‌కి కూడా వాడాలా అని అక్కడే ఒక ఆప్షన్ వస్తుంది. కానీ SOCKS5 కి ముసుగు ఉండదు, దాని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా బాహాటంగానే వెళ్తాయి. పైగా ఆ దేశం చట్టాలు కాలేజీ రూల్స్ లాంటివి కావు, ముందు అది కనుక్కోండి.

కీ_బోర్డు_కింద
సర్వర్_గది గారు ఒక విషయం దాటేశారు. ప్రతి మెసేజ్ ముందు, ఫోన్ వాడే కీ ఏదో చెప్పే `auth_key_id` అని 8 బైట్లు తాళం లేకుండా వెళ్తాయి. ప్రాక్సీ ముసుగు తీసేశాక అది చూడగలదు. ఐపీ మారినా, హాస్టల్ నుంచి ఇంటికి వెళ్లినా, ఇదే ఫోన్ అని పోల్చుకోవచ్చు. "ఐపీ ఒక్కటే" అని పిల్లలకు ధైర్యం చెప్పడం తప్పు.

సర్వర్_గది
యాప్ తాత్కాలిక కీలు వాడుతుంది, అవి మారుతుంటాయి. సంవత్సరాల తరబడి వెంబడించడం కుదరదు.

కీ_బోర్డు_కింద
మారేలోపు నువ్వు మూడు చోట్లకి తిరిగితే ఆ మూడూ ఒకే ఫోన్ అని తెలిసినట్టేగా. పేరు తెలియదు, ఒప్పుకుంటాను. కానీ ఊరూపేరూ లేనివాడి ప్రాక్సీకి అదీ ఎందుకివ్వాలి?

సర్వర్_గది
అందుకే సొంతంగా పెట్టుకోమంటాను. చిన్న సర్వర్ తీసుకుని, టెలిగ్రామ్ వాళ్ల MTProxy సోర్స్ వేసి, సీక్రెట్ ఇలా తయారు చేసుకోవాలి:

```
head -c 16 /dev/urandom | xxd -ps
```

పోర్ట్ 443 నే పెట్టండి. చాలా హాస్టళ్లలో 80, 443 తప్ప మిగతావి మూసేస్తారు. ప్రాక్సీ లిస్ట్‌లో మొబైల్ డేటాతో పింగ్ చూపించి, వైఫైలో `Unavailable` అంటే సర్వర్ బాగానే ఉంది, అడ్డు వైఫైదే.

గ్రూప్స్_ఆశావహి
అన్నా, పాతది తీసేసి ఫ్రెండ్ వాళ్ల అన్నయ్య సొంత సర్వర్ లింక్ పెట్టాను, అదీ 443 నే, `ee` సీక్రెట్. నా ఫోన్‌లో వస్తోంది. రూమ్మేట్ ఫోన్‌లో అదే వైఫై, అదే లింక్, ఎప్పుడూ `Connecting...` మీదే. వాడిది మొబైల్ డేటాలో కూడా అంతే.

సర్వర్_గది
వాడి ఫోన్ గడియారం చూడు. `ee` రకంలో మొదటి పలకరింపులోనే టైమ్ కలిపి పంపుతుంది, తేడా ఎక్కువుంటే సర్వర్ తోసేస్తుంది. ఆటోమేటిక్ టైమ్ ఆన్ చెయ్యమను.

గ్రూప్స్_ఆశావహి
నిజమే, గేమ్ కోసం తేదీ రేపటికి మార్చి పెట్టాడు. సరిచేయగానే కనెక్ట్ అయింది.

షార్జా_అక్క
మరి SOCKS5 సర్వర్ ఎవరైనా నమ్మకంగా నడిపేవాళ్లు ఉంటే చెప్పండి, డబ్బు కడతాను.

కీ_బోర్డు_కింద
అక్కా, ఇక్కడ అడిగితే మీకు ఇన్‌బాక్స్‌లో లింకులు కాదు, "ఈ కొత్త టెలిగ్రామ్ వేసుకోండి" అని APK ఫైళ్లు వస్తాయి. అవి మాత్రం ముట్టుకోవద్దు. ప్రాక్సీ చదవలేనిదంతా ఆ యాప్ చదువుతుంది.