సగం పనే చేసే లూప్ కూడా O(n²) ఎందుకో తమ్ముడికి ఎలా చెప్పాలి?

మాది పర్లాకిమిడి. తమ్ముడు బరంపురంలో కంప్యూటర్ సైన్స్ మొదటి సంవత్సరం, క్లాసులో చూపించిన ఈ స్లైడ్ దగ్గర ఆగిపోయాడు:

```
for (i = 0; i < n; i++)
  for (j = i + 1; j < n; j++)
    count++;
```

లోపలి లూప్ ప్రతిసారీ తగ్గుతోంది కదా, సగం పనికి O(n²) ఏమిటి అంటాడు. నోటుబుక్కులో గళ్లు గీసి చూపించాను: n 5 అయితే 4+3+2+1, మొత్తం 10. n 10 అయితే 45, 20 అయితే 190, అంటే n రెట్టింపైతే పని నాలుగింతలు దాటింది, సగం అన్నది ఆ పెరుగుదలను ఆపలేదు. ఒప్పుకున్నాడు గానీ, "అయితే లూపులో లూపుంటే ఎప్పుడూ n² అన్నమాట" అనేశాడు! లోపలిది 3 సార్లే తిరిగితే 3n, అది O(n) అనేసరికి మళ్లీ మొదటికొచ్చాం. లూపులు కాదు, లోపలి లైను ఎన్నిసార్లు నడిచిందో లెక్కపెట్టాలని వాడికి ఏ ఉదాహరణతో చెబితే పడుతుంది? ఎల్లుండే ఇంటర్నల్, బాగా టెన్షన్ పడుతున్నాడు.