దస్తావేజులో జ, జలంలో జ

బ్రాడీపేట, గుంటూరు నుంచి:
మా తాతగారి పొలం క్రయ దస్తావేజు నకలు బీరువాలో దొరికింది. మా అబ్బాయికి చదివి వినిపిస్తున్నాను. ‘క్రయం’ సంస్కృతం, ‘దస్తావేజు’ పారసీ, ‘రిజిస్ట్రారు’ ఇంగ్లీషు అని చెప్పుకుంటూ పోతుంటే వాడు ఆపాడు: “నిఘంటువు చూడకుండా, చెవితో వింటే తెలుస్తుందా నాన్నా?” ఒత్తు పలికితే సంస్కృతం అనేశాను. కింది వరసలోనే ‘ఖరీదు’, ‘దాఖలు’ కనపడ్డాయి. ఇప్పుడు వాడికి ఏం చెప్పాలి?

బెజవాడ వకీలు:
ఒత్తు చూడకండి. చివర చూడండి. క్రయం, విక్రయం, స్వాధీనం అని సున్నాతో ముగిస్తే సంస్కృతం. రసీదు, దరఖాస్తు, సరిహద్దు అని ఉకారంతో ఆగితే పారసీ. నాకు ఇంతవరకూ తప్పలేదు.

రిటైరైన తెలుగు మాస్టారు, తెనాలి:
తప్పుతుందండీ. మీరు రోజూ పట్టుకునే కాగితమే తప్పిస్తుంది. అది పారసీ ‘కాగజ్’. మనవాళ్లు దానికి ‘ము’ తగిలించి కాగితము చేసుకున్నారు. ఇక కోర్టు, బస్సు, ఆఫీసు ఉకారంతోనే ఆగుతాయి, అవి ఇంగ్లీషు. ఖరీదులో ఒత్తు కూడా రాతలోదే, మన వైపు నోట ‘కరీదు’ అనే వస్తుంది.

అబ్బాయిగారిని ‘జ’ వినమనండి. ముందు ‘జల్లెడ’ అనమనండి, వెంటనే ‘జలం’ అనమనండి. జల్లెడకు నాలుక పళ్ల వెనక తగులుతుంది. జలానికి అంగిట్లోకి పోతుంది. పాత పుస్తకాల్లో మొదటిదాన్ని ౙ అని, పైన గుర్తు పెట్టి అచ్చు వేసేవారు. అచ్చతెనుగు మాటల్లో అ, ఉ, ఒ స్వరాల ముందు ఈ ౙ వస్తుంది. సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టు తెచ్చుకున్న మాటలో రాదు. అందుకే ‘రాౙు’ అంటాం, ‘రాజ్యం’ అంటాం. రాజు మన నోట్లో నలిగి తెలుగైపోయింది, రాజ్యం నలగలేదు. చందమామకీ చంద్రుడికీ ‘చ’ దగ్గర ఇదే తేడా.

మీ దస్తావేజులో ‘నిధి నిక్షేప జల పాషాణ’ అని ఉంటే చదివి చూడండి. ఆ జల అంగిట్లో పలుకుతుంది, దస్తావేజు పళ్ల దగ్గర పలుకుతుంది. పారసీలో అది ‘దస్తావేజ్’, చివర బుసకొట్టే శబ్దం. అది మనకు లేదు, దగ్గరగా ఉన్నది ౙ. రోజు, బజారు, తాజా అన్నీ ఆ దారినే వచ్చాయి.

వకీలు:
మరి ‘ఫీజు’ ఇంగ్లీషు కదా మాస్టారూ? దాన్నీ పళ్ల దగ్గరే అంటాం!

మాస్టారు:
మంచి మాట పట్టారు. ఇంగ్లీషులోనూ అక్కడ ఉన్నది ఆ బుస శబ్దమే, కాబట్టి చెవి అదే పని చేసింది. సైజు కూడా అంతే. అసలు ‘జ’ ఉన్న ఇంగ్లీషు మాట మాత్రం అంగిట్లోనే ఉండిపోతుంది: జాకెట్టు, జాబ్. ‘అబ్బాయికి జాబ్ వచ్చింది’, ‘అబ్బాయి దగ్గర్నుంచి జాబు వచ్చింది’ అని పక్కపక్కన అనండి. రెండోది జవాబులోంచి వచ్చిన ఉత్తరం, ౙాబు. కాబట్టి ౙ వింటే సంస్కృత తత్సమం కాదని చెప్పొచ్చు. పారసీయా, ఇంగ్లీషా, అచ్చతెనుగా అన్నది అది ఒక్కటే తేల్చదు. ఇ, ఎ ల ముందు అసలే పనికిరాదు. జిల్లా, జేబు రెండూ బయటివే, అయినా అంగిట్లోనే పలుకుతాయి.

ఒక తల్లి, పటమట:
మా పాప ‘రోజు’ని జలంలో జలాగే చదువుతోంది. బళ్లో అలాగే నేర్పారట. వాళ్ల అమ్మమ్మ ‘ఇదేం తెలుగే’ అంటోంది. ఎవరిది ఒప్పు?

మాస్టారు:
అమ్మమ్మగారిదేనమ్మా. రాతలో రెంటికీ ఒకే అక్షరం మిగిలింది, పాప అక్షరం చూసి పలుకుతోంది. పెద్దావిడ పక్కన కూర్చోబెట్టి చదివించండి. ఈ తేడా పోతే మాట ఎక్కడిదో చెవికి చెప్పే గుర్తు ఒకటి పోతుంది.

బ్రాడీపేట:
ఒక పొలం కాగితంలో ఇంత పారసీ ఎందుకుంది మాస్టారూ?

మాస్టారు:
లెక్కలూ పన్నులూ ఆ భాషలో నడిచాయి కనుక. 1687 దాకా గోలకొండ, తర్వాత మొగలాయీలు, నిజాం. గుంటూరు సర్కారు కుంఫిణీ చేతికి వచ్చింది 1788లో. ‘సర్కారు’ కూడా పారసీయే. దొరలు మారినా కచేరీలో మాటలు మారలేదు, రిజిస్ట్రారు వచ్చి దస్తావేజు పక్కన కూర్చున్నాడు.

వకీలు:
‘కలం’ సంగతి? అరబ్బీ నుంచి పారసీ మీదుగా వచ్చిందని నేనంటాను.

మాస్టారు:
సంస్కృత నిఘంటువుల్లో ‘కలమ’ ఉందండీ. గ్రీకులోనూ అలాంటి మాటే రెల్లుకి ఉంది. నేను సంస్కృతం వైపే మొగ్గుతాను.

వకీలు:
నేను మొగ్గను. కాగితం వచ్చిన దారినే కలమూ వచ్చిందని నా నమ్మకం.