మాజీ మేనేజరును ఫ్రెంచిలో సిఫారసు లేఖ అడిగేటప్పుడు గడువు ఎలా రాయాలి?

నమస్కారం. మాది నల్లగొండ జిల్లా మిర్యాలగూడ. ఫ్రాన్స్‌లో మాస్టర్స్‌కు దరఖాస్తు చేస్తున్నందున, హైదరాబాదులో నేను పనిచేసిన సంస్థకు లియోన్ నుంచి మేనేజరుగా ఉన్న మేడంను సిఫారసు లేఖ అడుగుతూ ఫ్రెంచిలో మెయిలు సిద్ధం చేసుకున్నాను.

మొదటి పేరాలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పరీక్షల్లో ఆమె కింద నేను చేసిన పనిని గుర్తుచేసి, ఏ కోర్సుకో చెప్పి, సీవీ జతచేశాను. అసలు గడువు మార్చి 15 అయినా, చివరి నిమిషంలో ఆమెకు తొందర కలగకూడదని, వీలైతే ఫిబ్రవరి చివరికల్లా పంపమని, రాయడం కుదరకపోతే ఫిబ్రవరి 10 లోపు ఒక్క మాట చెబితే మరొకరిని అడుగుతానని రాశాను. ఇలా రెండు తేదీలు ఇవ్వడం ఫ్రెంచివారికి ఒత్తిడిగా అనిపిస్తుందా, లేక అసలు గడువును కూడా తెలపడమే మర్యాదా?

మరొక సందేహం. ఆఫీసులో అందరిలాగే మేమిద్దరం ‘నువ్వు’ అన్నట్టు ‘త్యు’ అనే పిలుచుకునేవాళ్లం. ఇప్పుడు ‘మీరు’ అన్నట్టు ‘వూ’ అని రాస్తే మర్యాదకన్నా దూరమే ఎక్కువ కనిపిస్తుందని నా భయం. అందుకే ‘త్యు’ ఉంచి, క్రియలను మాత్రం ‘చేయగలరా’ అన్నంత మెత్తగా కండిషనల్‌లో రాసి, చివర ‘బియాఁ కోర్డియాల్‌మాఁ’తో ముగించాను. ఫ్రెంచి కార్యాలయాల్లో పనిచేసినవారు ఇది సరైనదో కాదో దయచేసి చెప్పగలరు.