అప్‌డేట్: బాత్రూమ్ ఫిట్టింగ్స్ బిల్లు లెక్క తేలింది

నా పాత ప్రశ్న: "ఐటెమ్స్ కూడితే 42,000, 18% జీఎస్టీ వేసినా 49,560, కింద టోటల్ మాత్రం 68,440. షాపు వాళ్లు ఎక్కువేశారా?"

మోసం కాదండీ, పేజీ మిస్సయింది. ట్యాక్స్ లైన్ నుంచి వెనక్కి లెక్కేయమన్నవాళ్లకి థాంక్స్. సీజీఎస్టీ 9% కింద 5,220 ఉంది, అంటే అసలు విలువ 58,000, నా దగ్గర 16,000 సరుకు లేదన్నమాట. అప్పుడు చూస్తే సీరియల్ నంబర్ 14 తర్వాత డైరెక్ట్‌గా 19, ఇన్నాళ్లూ కళ్లెక్కడ పెట్టుకున్నానో! మారతహళ్లి షాపుకెళ్తే, రెండువైపులా ప్రింటైన కాగితాన్ని ఒకవైపే స్కాన్ చేసి పంపారట. వెనకవైపు వాష్ బేసిన్, షవర్‌తో కలిపి నాలుగు ఐటెమ్స్, సరిగ్గా 16,000. అవన్నీ ఇంట్లో బిగించేసినవే. రౌండాఫ్, డిస్కౌంట్ అనుమానాలకి దీంతో సంబంధమే లేదు.