మిక్సీ లిస్టింగ్‌లో వారంటీ, రిటర్న్ లైన్ ఎలా రాయాలి? కస్టమర్‌తో గొడవైంది

గవర్నర్‌పేట మిక్సీ షాపు: 750 వాట్స్ మిక్సీ ఆన్‌లైన్లో పెట్టి కింద "2 ఇయర్స్ వారంటీ, నో రిటర్న్, 3 రోజుల్లో డెలివరీ" అని రాశా. శ్రీకాకుళం ఆవిడ శనివారం సాయంత్రం ఆర్డర్ పెట్టారు, ఆదివారం మనకి సెలవు, సోమవారం కొరియర్‌కిస్తే గురువారం చేరింది, అప్పుడే లేటని గొడవ. ఇప్పుడు 4 నెలలకి కప్లర్ పళ్లు అరిగిపోయాయి, వారంటీలో మార్చమంటున్నారు. కంపెనీ వారంటీ మోటారుకే అని చెప్పా. నేనేం తప్పు రాశా?

పటమట మొబైల్స్: ఏం తప్పు లేదు తమ్ముడూ, నో రిటర్న్ అని చదివే కొన్నారుగా. అన్‌బాక్సింగ్ వీడియో లేకపోతే అసలు చూడం అని కూడా తగిలించు, మేం అదే చేస్తాం.

గుంటూరు కారప్పొడి: మాది కారం అండీ, దానికి వారంటీ ఏం రాయాలి?

వన్‌టౌన్ హోల్‌సేల్: అమ్మా, కారానికి వారంటీ ఉండదు, దాని బదులు తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో వేయండి. మొబైల్స్ తమ్ముడు సగమే కరెక్టు. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం సరుకు పాడైనదైనా, నకిలీదైనా, లిస్టింగ్‌లో చెప్పినట్టు లేకపోయినా, చెప్పిన గడువు దాటి వచ్చినా వెనక్కి తీసుకోనని అనకూడదు, తుఫాను లాంటివి అడ్డొస్తే లేటు సంగతి వేరు. అంటే నో రిటర్న్ అన్నది నచ్చలేదన్న వాళ్ల వరకే. వీడియో అడగొచ్చు గానీ లేదని తిప్పి పంపితే నిలబడదు, "వీడియో ఉంటే త్వరగా తేలుతుంది" అని రాయండి.

నీ 3 రోజులు నువ్వే మెడకి చుట్టుకున్నావ్ బాబూ, ఎప్పట్నుంచి 3 రోజులో రాయలేదు. ఇలా పెట్టు:

"2 పని దినాల్లో కొరియర్‌కి ఇస్తాం, ఆదివారం లెక్క లేదు. అక్కడి నుంచి 3 నుంచి 5 రోజుల్లో చేరుతుంది. పగిలొచ్చినా, పనిచేయకపోయినా, వేరే మోడల్ వచ్చినా వాపసు తీసుకుంటాం, కొరియర్ ఖర్చు మాదే. చేరిన 7 రోజుల్లో చెబితే త్వరగా తేలుతుంది. నచ్చలేదంటే తీసుకోం. వారంటీ కంపెనీది, మోటారుకి మాత్రమే, బిల్లు తేదీ నుంచి 2 ఏళ్లు. జార్లు, కప్లర్, రబ్బరు వాషర్లకి లేదు."

వారంటీ లైన్ మాత్రం బాక్సులో కార్డు ముందు పెట్టుకుని రాయి, నే చెప్పిందే కాపీ కొట్టకు. ఈ లెక్కన శనివారం ఆర్డర్ మంగళవారం లోపు కొరియర్‌కి, ఆ వచ్చే ఆదివారం లోపు ఇంటికి. ఆవిడకి ముందే తెలిసేది.

గవర్నర్‌పేట మిక్సీ షాపు: బాగుందండీ. మరి ఇప్పుడు కప్లర్ సంగతి?

వన్‌టౌన్ హోల్‌సేల్: ఆవిడ కొన్న రోజు నీ లిస్టింగ్‌లో మోటారుకే అని లేదుగా, మొత్తం మిక్సీకని అనుకున్నారు. కప్లర్ ఎంతని, పంపేయ్.

పటమట మొబైల్స్: పంపితే రేపు వాషర్ అడుగుతారు, ఎల్లుండి జార్ మూత. నేనైతే పంపను.

గవర్నర్‌పేట మిక్సీ షాపు: లిస్టింగ్ మార్చేశా. కప్లర్ పంపిస్తా, కొరియర్ మీరు కట్టుకోండి అని మెసేజ్ పెట్టా, చదివారు గానీ జవాబు లేదు.